11 శాతమా, 14 శాతమా? పర్సనల్ లోన్ ఆఫర్ల అసలు ఖర్చు పోల్చుకోవడం ఎలా

కొన్నేళ్ల క్రితం నేను మొదటిసారి పర్సనల్ లోన్ తీసుకున్నప్పుడు ఒకే రోజు ఫోన్‌కి రెండు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిది, "మీకు 2,00,000 రూపాయల లోన్ మంజూరైంది" అని. రెండోది, నా ఖాతాలో 1,88,600 జమ అయిందని. మధ్యలో 11,400 ఎటు పోయిందో తెలియక కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 4,720 పట్టుకున్నారట. మిగతా 6,680 ఇన్సూరెన్స్ ప్రీమియం. ఇన్సూరెన్స్ కావాలని నేను అడగలేదు. ఫోన్‌లో ఓటీపీ చెప్పినప్పుడే దానికీ ఒప్పుకున్నట్టు రికార్డైందని అన్నారు. చేతికి రాని ఆ 11,400 మీద కూడా లోన్ తీరేదాకా వడ్డీ కట్టాను.

ఈ మధ్య మా బావమరిది మూడు ఆఫర్లు పట్టుకుని వచ్చాడు. "బావా, ఒకళ్లు 11 అంటున్నారు, ఒకళ్లు 13, ఇంకొకళ్లు 14. ఇందులో ఆలోచించడానికేముంది, 11దే కదా?" అన్నాడు. ఇద్దరం కూర్చుని లెక్క వేస్తే 11 శాతం అన్నదే అన్నింటికన్నా ఖరీదైనదని తేలింది. అందులోంచి ఒక్క ఇన్సూరెన్స్ తీసేస్తే అదే అన్నింటికన్నా చవక అయింది. మీ చేతిలో కూడా రెండు మూడు ఆఫర్లు ఉండి ఏది తీసుకోవాలో తేలకపోతే, ఆ లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

## పోల్చే ముందు ఏం చూడాలి

ప్రకటనలో కనిపించే వడ్డీ రేటు ఒక ముక్క మాత్రమే. నిజంగా తేడా తెచ్చేవి ఇవి:

- చేతికి వచ్చే మొత్తం. మంజూరైన మొత్తం కాదు, అన్ని కోతలూ పోగా ఖాతాలో పడేది.
- నెల కిస్తీ, ఎన్ని నెలలు. ఈ రెండూ గుణిస్తే మొత్తం ఎంత తిరిగి కడుతున్నారో వస్తుంది.
- ఇన్సూరెన్స్ ఉందా, ఉంటే ఎంత, వద్దంటే తీసేస్తారా.
- మధ్యలో లోన్ మూసేస్తే ఎంత పడుతుంది. దీన్నే ఫోర్‌క్లోజర్ ఛార్జీ అంటారు. ముందే తీర్చే ఆలోచన ఉన్నవాళ్లకు ఇది వడ్డీ రేటు కన్నా ముఖ్యం.

మొదటి మూడూ కలిపి ఒకే అంకెగా చెప్పేదే ఏపీఆర్, అంటే ఏడాదికి పడే అసలు ఖర్చు శాతం. రిజర్వ్ బ్యాంక్ 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి వ్యక్తులకు ఇచ్చే కొత్త టర్మ్ లోన్లన్నింటికీ బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు అనే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. వాడుకలో కేఎఫ్‌ఎస్ అంటారు. అందులో ఏపీఆర్ ఉండాలి, దాన్ని ఎలా లెక్క కట్టారో చూపించాలి. ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటివి వేరే కంపెనీ తరఫున వసూలు చేసినా సరే, ఆ ఏపీఆర్‌లో కలపాలి. ఫోర్‌క్లోజర్ ఛార్జీ, కిస్తీ ఆలస్యమైతే వేసే జరిమానా మాత్రం ఏపీఆర్‌లోకి రావు. అవి జరగొచ్చు, జరగకపోవచ్చు కాబట్టి కేఎఫ్‌ఎస్‌లో వేరుగా చూపిస్తారు.

కేఎఫ్‌ఎస్ ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని దినాలు ఇవ్వాలన్నది కూడా అదే నిబంధనలో ఉంది. వారం లోపు తీరిపోయే అతి చిన్న లోన్లకు మాత్రం ఒక రోజు. "ఈ రోజు సాయంత్రం లోపు ఒప్పుకోకపోతే ఆఫర్ పోతుంది" అని ఎవరైనా తొందరపెడితే ఈ మూడు రోజుల మాట గుర్తు చేయండి.

## మూడు ఆఫర్లు

మా బావమరిదికి వచ్చిన మూడింటికీ మొత్తం 3,00,000, గడువు 36 నెలలు. మూడూ తగ్గుతున్న బాకీ మీద వడ్డీ వేసేవే. ఇది ముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే కొందరు ఫ్లాట్ రేటు చెబుతారు, అంటే బాకీ తగ్గినా గడువంతా మొదటి మొత్తం మీదే వడ్డీ వేస్తారు. మూడేళ్లకు 8 శాతం ఫ్లాట్ అంటే మామూలు లెక్కలో 14.5 శాతం పైమాటే.

| | మొదటి ఆఫర్ | రెండో ఆఫర్ | మూడో ఆఫర్ |
|---|---|---|---|
| చెప్పిన వడ్డీ | 11% | 13% | 14% |
| ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీతో | 8,850 | 3,540 | లేదు |
| ఇన్సూరెన్స్ | 9,150 | లేదు | లేదు |
| చేతికి వచ్చేది | 2,82,000 | 2,96,460 | 3,00,000 |
| నెల కిస్తీ | 9,822 | 10,108 | 10,253 |
| ఫోర్‌క్లోజర్ ఛార్జీ | బాకీ మీద 4%, ఆపై జీఎస్టీ | 2%, ఆపై జీఎస్టీ | 12 కిస్తీల తర్వాత లేదు |

మొదటి ఆఫర్‌లో ఫీజు 2.5 శాతం, అంటే 7,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,350. ఫీజు శాతాన్ని చెప్పేటప్పుడు జీఎస్టీని చాలాసార్లు వదిలేస్తారు, కాబట్టి ఎవరు ఫీజు చెప్పినా దాన్ని 1.18తో గుణించుకోండి.

పట్టికలో నెల కిస్తీ వరస ఒక్కటే చూస్తే మొదటిదే తక్కువ. మా వాడిని ఆకట్టుకున్నది కూడా అదే. కానీ ఆ కిస్తీ ఏ డబ్బుకి కడుతున్నాడో చూడాలి. 2,82,000 తీసుకుని కట్టే 9,822కి, పూర్తి 3,00,000 తీసుకుని కట్టే 10,253కి పోలిక పెట్టడం కుదరదు.

## చేతికొచ్చే డబ్బు సమానం చేసి చూస్తే

అన్నింటికన్నా తేలికైన పద్ధతి ఇది. మీకు నిజంగా కావలసింది ఎంత? మా వాడికి ఇంటి మరమ్మతుకి కచ్చితంగా 3,00,000 చేతిలో పడాలి. మరి కోతలన్నీ పోగా 3,00,000 మిగలాలంటే ఒక్కొక్కరి దగ్గర ఎంత లోన్ రాయించుకోవాలి, అప్పుడు కిస్తీ ఎంత?

మొదటి ఆఫర్‌లో ఫీజు, ఇన్సూరెన్స్ కలిపి 18,000 పోతోంది, అంటే 6 శాతం. 100 రాయించుకుంటే 94 వస్తుంది. కాబట్టి 3,00,000ని 0.94తో భాగించాలి. 3,19,149 వస్తుంది. ఫీజు, ప్రీమియం రెండూ లోన్ మొత్తంతో పాటే పెరుగుతాయనుకుంటే, దాని మీద 11 శాతం కిస్తీ 10,449. మిగతావీ ఇలాగే వేశాం.

| 3,00,000 చేతికి రావాలంటే | రాయించుకోవాల్సిన లోన్ | నెల కిస్తీ |
|---|---|---|
| మొదటిది, ఇన్సూరెన్స్‌తో | 3,19,149 | 10,449 |
| మొదటిది, ఇన్సూరెన్స్ తీసేస్తే | 3,09,119 | 10,120 |
| రెండోది | 3,03,582 | 10,229 |
| మూడోది | 3,00,000 | 10,253 |

వరస మారిపోయింది. 11 శాతం అన్నవాళ్ల కిస్తీ 14 శాతం వాళ్ల కన్నా నెలకి దాదాపు 200 ఎక్కువ. అదే ఆఫర్‌లో 9,150 ఇన్సూరెన్స్ లేకపోతే అందరికన్నా తక్కువ. ఈ పట్టిక చూశాక మా బావమరిది ఇక వడ్డీ శాతాల గురించి అడగలేదు. "అయితే ఇన్సూరెన్స్ తీయించడం ఎలా బావా?" అన్నాడు.

## ఏపీఆర్ మీరే లెక్క కట్టుకోవాలంటే

ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఫోన్‌లో ఉంటే ఒక్క గడి చాలు. మొదటి అంకె నెలల సంఖ్య, రెండోది కిస్తీ (ముందు మైనస్ గుర్తుతో), మూడోది చేతికి వచ్చిన మొత్తం. మంజూరైన మొత్తం వేస్తే వాళ్లు చెప్పిన 11 శాతమే తిరిగి వస్తుంది, కాబట్టి మూడో అంకె దగ్గర జాగ్రత్త.

```
=RATE(36,-9822,282000)*12
```

దీనికి జవాబు 0.153, అంటే 15.3 శాతం. గడిని పర్సెంటేజ్‌లోకి మార్చుకుంటే నేరుగా శాతంలోనే కనిపిస్తుంది. రెండో ఆఫర్‌కి ఇలాగే చేస్తే 13.8 వచ్చింది. మూడోదానికి ఏ కోతా లేదు కాబట్టి 14 దగ్గరే ఆగింది. ఇన్సూరెన్స్ తీసేసిన మొదటి ఆఫర్ 13.1.

ఫోన్‌లో ఏజెంట్ మాట్లాడుతుండగానే సుమారు అంచనా కావాలంటే ఈ చిన్న పట్టిక గుర్తుపెట్టుకుంటే చాలు. లోన్ మొత్తంలో 1 శాతం ముందుగా కోత పడితే ఏడాది రేటు ఎంత పెరుగుతుందో ఇందులో ఉంది.

| గడువు | 1 శాతం కోతకి పెరిగే ఏడాది రేటు |
|---|---|
| 1 ఏడాది | సుమారు 1.9 |
| 2 ఏళ్లు | సుమారు 1 |
| 3 ఏళ్లు | సుమారు 0.7 |
| 5 ఏళ్లు | సుమారు 0.45 |

మొదటి ఆఫర్‌లో కోత 6 శాతం, గడువు మూడేళ్లు. ఆరుని 0.7తో గుణిస్తే 4.2. పదకొండుకి కలిపితే 15.2. షీట్‌లో వచ్చిన 15.3కి దగ్గరగానే ఉంది. గడువు తగ్గేకొద్దీ అదే ఫీజు ఎంత బరువవుతుందో కూడా ఈ పట్టికలో కనిపిస్తుంది. ఏడాది లోన్ మీద 3 శాతం ఫీజు అంటే, జీఎస్టీ కలిపితే ఏడాది రేటు ఆరేడు శాతం పెరిగినట్టే. అందుకే తక్కువ గడువు లోన్ తీసుకునేవాళ్లు వడ్డీ కన్నా ఫీజు మీదే ఎక్కువ బేరమాడాలి.

మీరు లెక్క కట్టిన అంకె, కేఎఫ్‌ఎస్‌లోని ఏపీఆర్ ఒకటి కాకపోతే మొదట ఇన్సూరెన్స్‌ని అనుమానించండి. కస్టమర్ విడిగా, తనకు తానే కోరుకున్న పాలసీ అని చూపించి ప్రీమియాన్ని ఏపీఆర్ లెక్కలోంచి వదిలేసే అవకాశం ఉంది. కేఎఫ్‌ఎస్‌లో ఫీజుల దగ్గర ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ ఛార్జీలు వేర్వేరు గడుల్లో ఉంటాయి. ఇన్సూరెన్స్ గడి ఖాళీగా ఉండి ఖాతాలో మాత్రం డబ్బు తక్కువ పడితే, కోత ఎక్కడ జరిగిందో రాతపూర్వకంగా అడగండి. కేఎఫ్‌ఎస్‌లో లేని ఏ ఛార్జీనీ మీ స్పష్టమైన అనుమతి లేకుండా వసూలు చేయకూడదు.

## ఇన్సూరెన్స్ ఉంచుకోవాలా, తీసేయించాలా

లోన్‌తో వచ్చే పాలసీ ఎక్కువగా లోన్ ప్రొటెక్షన్ రకానిది. అప్పు తీసుకున్న మనిషి గడువు లోపల చనిపోతే మిగిలిన బాకీ ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. కొన్నిసార్లు దాని బదులు యాక్సిడెంట్ పాలసీ గానీ, ఆసుపత్రిలో చేరితే రోజుకింత ఇచ్చేది గానీ తగిలిస్తారు. వాటిలో మామూలు జబ్బుతో చనిపోతే బాకీ తీరదు. అందుకే మొదట పాలసీ పేరు కాదు, ఏం జరిగితే ఎంత ఇస్తారన్న వాక్యం చదవాలి.

మా వాడికి వచ్చింది లోన్ ప్రొటెక్షనే. దాని ధర సబబేనా అని ఇలా చూశాం. బాకీతో పాటు కవర్ కూడా నెలనెలా తగ్గుతుంది. మొదట 3,00,000 ఉన్నా, మూడేళ్ల సగటు తీస్తే ఉన్నది దాదాపు 1,62,000 కవర్ మాత్రమే. దానికి మూడేళ్లకు 9,150, అంటే ఏడాదికి 3,050. లక్ష కవర్‌కి ఏడాదికి సుమారు 1,880 పడింది. మీకు టర్మ్ పాలసీ ఉంటే దాని ఏడాది ప్రీమియాన్ని కవర్ లక్షలతో భాగించి ఈ అంకె పక్కన పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్ల మనిషికి టర్మ్ పాలసీలో లక్షకి పడేది దీనికన్నా చాలా తక్కువగా ఉంటుంది.

ఇంకో విషయం, ప్రీమియాన్ని ఎలా తీసుకుంటున్నారు? కొందరు చేతికిచ్చే డబ్బులోంచి కోస్తారు. కొందరు "మీ 3,00,000 మీకే ఇస్తాం" అని, ప్రీమియాన్ని లోన్‌లో కలిపి 3,09,150కి కిస్తీ వేస్తారు. రెండో పద్ధతిలో కోత కంటికి కనపడదు, కానీ ఆ 9,150కి 11 శాతం వడ్డీతో మూడేళ్లలో 10,784 కడతారు.

"ఇన్సూరెన్స్ తీసుకుంటే వడ్డీ తగ్గిస్తాం" అనే మాట కూడా వింటాం. దీనికి సూటి లెక్క ఉంది. ఈ కేసులో ప్రీమియం లోన్‌లో 3 శాతం పైనే. మూడేళ్లకు దాని బరువు ఏడాదికి 2 శాతం దాటుతుంది. కాబట్టి తగ్గింపు రెండు శాతం కన్నా తక్కువైతే లాభం వాళ్లకే. ఉదాహరణకి ఇన్సూరెన్స్ వద్దంటే 12 శాతం వేస్తామన్నారనుకుందాం. ఫీజు అదే 8,850. వడ్డీ, ఫీజు కలిపి మూడేళ్లకు మొత్తం ఖర్చు 67,564. ఇన్సూరెన్స్‌తో 11 శాతానికి తీసుకుంటే 71,578. ఒక శాతం ఎక్కువ వడ్డీ ఒప్పుకున్నా నాలుగు వేలు మిగిలింది.

అలాగని ఇన్సూరెన్స్ అందరికీ అనవసరమని నేను అనను. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే అయి, టర్మ్ పాలసీ లేక, ఆరోగ్య కారణాల వల్ల విడిగా పాలసీ దొరకడం కష్టమైతే ఇది ఉంచుకోవడం న్యాయమే. కానీ అప్పుడు ఆరోగ్య వివరాలన్నీ నిజంగా రాయాలి. ఏజెంట్ తొందరలో అన్నింటికీ "లేదు" అని టిక్ పెట్టేస్తే, రేపు క్లెయిమ్ దగ్గర ఆ కుటుంబమే ఇబ్బంది పడుతుంది. కో-అప్లికెంట్‌గా భార్య గానీ అన్నదమ్ములు గానీ సంతకం పెట్టి ఉంటే కూడా కవర్ గురించి ఆలోచించాలి, ఎందుకంటే మీరు లేకపోయినా వాళ్లు కట్టాల్సిందే.

### తీయించడానికి మేం చేసింది

మొదట యాప్‌లో ఆఫర్ పేజీ మళ్లీ తెరిచాం. ఇన్సూరెన్స్ పక్కన టిక్ ముందే పెట్టి ఉంది. తీసేస్తే కిస్తీ మారలేదు, చేతికొచ్చే మొత్తం మారింది. కానీ తర్వాతి పేజీలో మళ్లీ పాత అంకే కనిపించింది. అప్పుడు ఈమెయిల్ పెట్టాం. అందులో రాసింది ఇంతే: "ఇన్సూరెన్స్ లేకుండా కేఎఫ్‌ఎస్ మళ్లీ పంపండి. ఇన్సూరెన్స్ తప్పనిసరి అయితే ఆ మాట రాతలో ఇవ్వండి." ఫోన్‌లో తప్పనిసరి అని చెప్పినవాళ్లు ఆ మాట రాతలో ఇవ్వలేదు. రెండు రోజుల్లో కొత్త కేఎఫ్‌ఎస్ వచ్చింది. ఏపీఆర్ 13.08.

ఫోన్‌లో ఓటీపీ అడిగినప్పుడు ఆ మెసేజ్ పూర్తిగా చదవండి. ఓటీపీ దేనికో ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. ఇన్సూరెన్స్ అన్న మాట కనిపిస్తే చెప్పకుండా ఆగి అడగండి. నేను మొదటిసారి తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే.

ఇప్పటికే డబ్బు కోసేసి ఉంటే పాలసీ కాగితం లేదా సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ తెప్పించుకుని ఫ్రీ లుక్ నిబంధన చూడండి. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల్లో ఈ గడువు పాలసీ కాగితం అందిన రోజు నుంచి 30 రోజులు. ఆ లోపు వద్దని రాస్తే అప్పటిదాకా కవర్ ఉన్న రోజుల ప్రీమియం, స్టాంపు ఖర్చు లాంటివి పోగా మిగతాది వెనక్కి ఇస్తారు. ఆ డబ్బు మీ ఖాతాకి వస్తుందా, లోన్‌లో జమ అవుతుందా అన్నది కూడా అడగాలి.

## మధ్యలో తీర్చేసేవాళ్ల లెక్క వేరు

ఏపీఆర్ పూర్తి గడువు కడతారన్న లెక్కతో వేసిందే. కానీ చాలామంది పర్సనల్ లోన్‌ని ఏడాది, ఏడాదిన్నరలో తీర్చేస్తారు. చిట్టీ పాడుకుంటారు, బోనస్ వస్తుంది, పొలం డబ్బు చేతికొస్తుంది. అప్పుడు ముందుగా కట్టిన ఫీజు, ఇన్సూరెన్స్ కొద్ది నెలల మీదే పడతాయి, పైగా ఫోర్‌క్లోజర్ ఛార్జీ తోడవుతుంది. 3,00,000 లోన్ మీద వడ్డీ, ఫీజు, ఇన్సూరెన్స్, ఫోర్‌క్లోజర్ అన్నీ కలిపితే ఇలా వచ్చింది.

| మొత్తం ఖర్చు | 36 నెలలూ కడితే | 12 కిస్తీల తర్వాత మూసేస్తే |
|---|---|---|
| మొదటిది, ఇన్సూరెన్స్‌తో | 71,578 | 56,534 |
| మొదటిది, ఇన్సూరెన్స్ లేకుండా | 62,428 | 47,384 |
| రెండోది | 67,435 | 42,473 |
| మూడోది | 69,118 | 36,592 |

ఇన్సూరెన్స్‌తో ఉన్న మొదటి ఆఫర్‌ని ఏడాదికి మూసేస్తే అసలు రేటు 22 శాతం దాటుతుంది. ప్రకటనలో ఉన్నది 11. మధ్యలో మూసేస్తే ప్రీమియంలో కొంత వెనక్కి రావచ్చు, కానీ చాలాసార్లు అది దానంతటదే రాదు. లోన్ మూసిన నో డ్యూస్ కాగితం జతచేసి ఇన్సూరెన్స్ కంపెనీని విడిగా అడగాలి.

14 శాతం ఆఫర్ ఇక్కడ అన్నింటికన్నా చవక. ఇన్సూరెన్స్ తీసేసిన 11 శాతం ఆఫర్‌తో దీన్ని నెలనెలా పోల్చి చూశాను. రెండేళ్ల దగ్గర రెండూ దాదాపు సమానమవుతాయి. అంతకన్నా ముందే తీర్చేస్తే ఫీజు లేని 14 శాతం మేలు, అంతకన్నా ఎక్కువ కాలం కడితే 11 శాతం మేలు. అయితే "జీరో ప్రాసెసింగ్ ఫీజు" అన్న ప్రతి ఆఫర్‌కీ ఇది వర్తించదు. ఫీజు వదిలేసినట్టు చూపించి ఫోర్‌క్లోజర్ 5 శాతం పెట్టేవాళ్లూ ఉన్నారు.

ఫోర్‌క్లోజర్ గురించి ఇంకో మాట. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే ఫ్లోటింగ్ రేటు లోన్లకు, వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకున్నవైతే, ముందే తీర్చినందుకు ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. కానీ పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువే. కాబట్టి "ఆర్‌బీఐ రద్దు చేసింది కదా" అనుకుని ఉండిపోకుండా, మీది ఏ రకమో కేఎఫ్‌ఎస్‌లో చూసుకోండి.

## ఎవరికి ఏది

గడువంతా నెలనెలా కట్టుకుంటూ పోయే జీతగాళ్లకు, మధ్యలో పెద్ద మొత్తం వచ్చే దారి లేకపోతే, వడ్డీ తక్కువ ఉన్న ఆఫర్ మంచిది. కానీ ఇన్సూరెన్స్ తీసేయించాకే. తీయడానికి ఒప్పుకోకపోతే ఈ కేసులో రెండో ఆఫర్‌కి వెళ్లిపోవాలి.

రెండేళ్లలోపు తీర్చగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు ఫీజు, ఫోర్‌క్లోజర్ రెండూ లేని ఆఫర్ వెతకాలి. వడ్డీ రెండు మూడు శాతం ఎక్కువైనా సరే. కొన్నిచోట్ల మొదటి 6 లేదా 12 కిస్తీల దాకా మూయనివ్వరు, ఆ షరతు కూడా చూడాలి.

డబ్బు ఎప్పుడొస్తుందో తెలియనివాళ్లకు రెండో ఆఫర్ లాంటిది, అంటే మధ్యరకం వడ్డీ, చిన్న ఫీజు, తక్కువ ఫోర్‌క్లోజర్ ఉన్నది, పెద్దగా దెబ్బ తీయదు. పట్టికలో అది రెండు వైపులా మధ్యలోనే ఉంది.

యాప్‌లో లోన్ తీసుకుని వెంటనే మనసు మార్చుకున్నవాళ్లకు కూలింగ్ ఆఫ్ వెసులుబాటు ఉంది. డిజిటల్ లోన్లకు ఇది కనీసం ఒక రోజు ఉండాలి. ఆ లోపు అసలు, అప్పటివరకు అయిన ఖర్చు కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం, కేఎఫ్‌ఎస్‌లో ముందే చెప్పి ఉంటే, ఉంచుకోవచ్చు.

చెప్పని కోత పడితే మొదట లోన్ ఇచ్చినవాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి ఆ నంబర్ దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. మంజూరు లేఖ, కేఎఫ్‌ఎస్, ఖాతాలో డబ్బు పడిన రోజు స్టేట్‌మెంట్, ఈ మూడూ జతచేస్తే తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

మా బావమరిది ఏం చేశాడంటే, కొత్త కేఎఫ్‌ఎస్ చేతిలో పెట్టుకుని ఒక రాత్రంతా ఆలోచించాడు. 13.08 చూస్తే ఆశగానే ఉంది. కానీ అతని చిట్టీ పద్నాలుగో నెలలో చేతికొస్తుంది, ఆ డబ్బుతో లోన్ మూసేద్దామన్నది మొదటినుంచీ అనుకున్నదే. పొద్దున్నే ఫోన్ చేసి, "14 శాతందే తీసుకుంటున్నా బావా" అన్నాడు. రెండు రోజుల తర్వాత ఖాతాలో పడిన మెసేజ్ నాకు పంపాడు. అందులో 3,00,000 అనే ఉంది.